కోహార్ట్ పట్టిక: నడుమ నిజం, అంచుల్లో తకరారు

ఈ నెల యాప్ వాడినవాళ్లు ఇంతమంది అని ఒక్క అంకె చెబితే, అందులో పాతవాళ్లెందరు, కొత్తవాళ్లెందరు అన్నది తేలదు. ప్రకటనలకు డబ్బు పోస్తూ ఉన్నంతకాలం కొత్తవాళ్లు వచ్చిపడుతూనే ఉంటారు. వెనక తలుపులోంచి పాతవాళ్లు అంతే జోరుగా వెళ్లిపోతున్నా మొత్తం అంకె పెరుగుతున్నట్టే కనబడుతుంది. ఈ రెంటినీ విడదీయడానికే కోహార్ట్ రిటెన్షన్ పట్టిక వేస్తారు. ఒకే నెలలో చేరినవాళ్లందరినీ ఒక బ్యాచ్‌గా కట్టి ఒక అడ్డవరుసలో పెడతారు. చేరిన నెలకు సున్నా, తర్వాతి నెలకు ఒకటి, ఆపై నెలకు రెండు అని నిలువు వరుసలకు అంకెలు వేస్తారు. ఒక్కో గడిలో, ఆ బ్యాచ్‌లో ఆ నెల తిరిగి వచ్చినవాళ్లు ఎందరో రాస్తారు. కొత్త బ్యాచ్‌లకు గడిచిన నెలలు తక్కువ కాబట్టి పట్టిక కిందికి వచ్చేకొద్దీ కురచవుతూ మెట్ల ఆకారంలో ఉంటుంది.

ఈ ఆలోచన సాఫ్ట్‌వేర్ వాళ్లది కాదు. పుట్టిన ఏడాదిని బట్టి జనాన్ని గుంపులు కట్టి, ఏ వయసులో ఎందరు మిగిలారో చూడటం జనాభా శాస్త్రంలో పందొమ్మిదో శతాబ్దం నుంచీ ఉంది. 1875 నాటి తన పుస్తకంతో విల్హెల్మ్ లెక్సిస్ ఆ తరహా చిత్రపటానికి తన పేరు మిగిల్చిపోయాడు. సమాజంలో మార్పును కోహార్ట్‌ల ద్వారా చదవాలని నార్మన్ రైడర్ 1965లో రాసిన వ్యాసం ఇప్పటికీ ఉదహరిస్తుంటారు. జనాభా లెక్కల వాళ్లకు ఈ పట్టికతో ఎప్పటినుంచో ఉన్న తలనొప్పులే ఇప్పుడు యాప్ కంపెనీలకూ వచ్చాయి. వాళ్లు దశాబ్దాలుగా పడుతున్న జాగ్రత్తలు మాత్రం ఇటు పెద్దగా రాలేదని నా అభిప్రాయం.

పట్టిక వేయడం కష్టమేమీ కాదు. డేటాబేస్ తెలిసినవాళ్లకు ఒక పూట పని. చిక్కంతా వేసిన పట్టికలో ఏ గడిని నమ్మాలి, ఏ గడిని పక్కన పెట్టాలి అన్నదాంట్లో ఉంది. దాన్ని ఎవరైనా దించుకుని సరిచూసుకోగల ఒక నిజమైన డేటా మీద చూద్దాం. యూసీఐ మెషిన్ లెర్నింగ్ రిపాజిటరీలో ‘ఆన్‌లైన్ రిటైల్’ అనే డేటా ఉంది. దుకాణం గది లేకుండా ఇంటర్నెట్‌లోనే బహుమతి వస్తువులు అమ్మే ఒక బ్రిటన్ వ్యాపారంలో 2010 డిసెంబరు 1 నుంచి 2011 డిసెంబరు 9 దాకా జరిగిన అమ్మకాలు అందులో ఉన్నాయి. మొత్తం 5,41,909 వరుసలు. బిల్లులోని ఒక్కో వస్తువుకు ఒక్కో వరుస. కోహార్ట్ పాఠాలు చెప్పే చాలామంది వాడేది దీన్నే. అందులోని ఉచ్చులను చెప్పకుండా దాటిపోయే పాఠాలూ తక్కువేం కాదు.

ఈ డేటాలో సైన్అప్ తేదీ లేదు. అందుకని కస్టమర్ మొదటి కొనుగోలు నెలనే చేరిన నెలగా తీసుకుంటారు. ముందు కస్టమర్ నంబరు లేని 1,35,080 వరుసలు తీసేయాలి. ఎవరో తెలియనివాళ్లు తిరిగి వచ్చారో లేదో చెప్పలేం గదా. బిల్లు నంబరు `C`తో మొదలైతే అది రద్దయిన ఆర్డరు. అవీ, ధర సున్నాగా ఉన్నవీ తీసేస్తే 4,338 మంది కస్టమర్లు మిగులుతారు. పోస్ట్‌గ్రెస్‌లో అయితే మిగతా పని ఇంతే:

```sql
with firsts as (
  select customer_id,
         date_trunc('month', min(invoice_date)) as cohort
  from purchases
  group by customer_id
)
select f.cohort,
       (extract(year from p.invoice_date)
        - extract(year from f.cohort)) * 12
     + (extract(month from p.invoice_date)
        - extract(month from f.cohort)) as n,
       count(distinct p.customer_id) as users
from purchases p
join firsts f using (customer_id)
group by 1, 2
order by 1, 2;
```

పైభాగం ఒక్కో కస్టమర్‌కు మొదటి నెల కనిపెడుతుంది. కిందిభాగం ప్రతి కొనుగోలుకూ ఆ మొదటి నెల నుంచి ఎన్ని నెలల దూరమో లెక్కకట్టి, మనుషుల్ని ఒక్కొక్కరిని ఒక్కసారే లెక్కిస్తుంది. `distinct` మర్చిపోతే మనుషుల బదులు బిల్లు వరుసలు లెక్కకొస్తాయి. అప్పుడు గడిలోని సంఖ్య బ్యాచ్ పరిమాణాన్నే దాటిపోతుంది కాబట్టి ఆ పొరపాటు వెంటనే దొరుకుతుంది. ఇక చూడబోయేవి అంత సులువుగా దొరకనివి.

ఫలితంలో మనకు కావలసిన కొన్ని వరుసలు ఇవి. గడుల్లో ఉన్నది మనుషుల సంఖ్య:

| చేరిన నెల | 0 | 1 | 2 | 3 |
|---|---|---|---|---|
| 2010 డిసెంబరు | 885 | 324 | 286 | 340 |
| 2011 జనవరి | 417 | 92 | 111 | 96 |
| 2011 ఫిబ్రవరి | 380 | 71 | 71 | 108 |
| 2011 మార్చి | 452 | 68 | 114 | 90 |
| 2011 ఏప్రిల్ | 300 | 64 | 61 | 63 |
| 2011 సెప్టెంబరు | 299 | 70 | 90 | 34 |
| 2011 అక్టోబరు | 358 | 86 | 41 | |
| 2011 నవంబరు | 323 | 36 | | |
| 2011 డిసెంబరు | 41 | | | |

మొదట కళ్లకు కనబడేది పై నుంచి కిందికి ఒకటో నెల వరుస. డిసెంబరు బ్యాచ్‌లో 36.6 శాతం మరుసటి నెల మళ్లీ కొన్నారు. జనవరి బ్యాచ్‌లో 22.1, ఫిబ్రవరిలో 18.7, మార్చిలో 15.0. మీటింగులో ఈ నాలుగు అంకెలూ తెరమీద పెడితే ఎవరైనా ఒకే మాట అంటారు: కొత్తగా వచ్చే కస్టమర్ల నాణ్యత నెలనెలా పడిపోతోంది, మార్కెటింగ్ వాళ్లను పిలిచి అడగండి, అని. పాపం మార్కెటింగ్ వాళ్ల తప్పేమీ లేదు. డిసెంబరు బ్యాచ్ అసలు కొత్త బ్యాచే కాదు.

డేటా డిసెంబరు 1న మొదలైంది గానీ వ్యాపారం ఆ రోజున మొదలవలేదు. అంతకుముందు నుంచీ కొంటున్న పాత కస్టమర్లు డిసెంబరులో ఏదో ఒకటి కొనగానే మన క్వెరీ వాళ్లను కొత్తవాళ్ల ఖాతాలో వేసింది. `min(invoice_date)`కు డేటా మొదలవక ముందటి సంగతి ఎలా తెలుస్తుంది? 885 మందిలో ఎక్కువ పాలు అప్పటికే అలవాటుపడిన కస్టమర్లు, వాళ్లు మళ్లీ కొనడంలో వింత లేదు. డిసెంబరులో ఏమీ కొనకుండా జనవరిలో కొన్న పాతవాళ్లు జనవరి బ్యాచ్‌లోకి చేరారు. ఇంకా ఆలస్యంగా వచ్చినవాళ్లు ఫిబ్రవరిలోకి. అలా కల్తీ నెలనెలా పల్చబడుతూ పోయింది. మొదటి నాలుగు వరుసల్లో ‘పడిపోవడం’గా కనిపించిన దాంట్లో పెద్ద వాటా ఈ కల్తీ తగ్గడమే. తర్వాతి నెలలు చూస్తే ఇది తెలుస్తుంది. ఏప్రిల్ బ్యాచ్‌కు 21.3 శాతం, సెప్టెంబరుకు 23.4, అక్టోబరుకు 24.0. నాణ్యత నిజంగా దిగజారుతూ ఉంటే అంకె మళ్లీ పైకి వచ్చేది కాదు.

ఇది ఊహ కాదని చెప్పడానికి డేటాలోనే ఒక సాక్ష్యం ఉంది. రద్దయిన ఆర్డర్లను తీసేయకుండా పట్టిక వేస్తే డిసెంబరు బ్యాచ్ 885 కాదు, 948 అవుతుంది. అదనంగా వచ్చిన ఆ 63 మంది పేరున డిసెంబరులో ధర కట్టిన కొనుగోలు ఒక్కటీ లేదు. ఉన్నది దాదాపుగా రద్దులే. కొనకుండా రద్దు చేసేదెలా? వాళ్లు కొన్నది డిసెంబరు 1కి ముందు. అంటే మన డేటాకు కనిపించని పాత చరిత్ర ఉన్నవాళ్లు ఈ మొదటి వరుసలో ఉన్నారని ఆ రద్దు బిల్లులే చెబుతున్నాయి. ఏ పట్టికలోనైనా మొదటి బ్యాచ్ మిగతావాటికి రెట్టింపు ఉండి, మిగతావాటికంటే ఎక్కువగా అంటిపెట్టుకుని ఉంటే ముందు అనుమానించాల్సింది ఇదే. కొత్త ఎనలిటిక్స్ సాధనం పెట్టిన నెల, పాత డేటాబేస్ నుంచి కొత్తదానికి మారిన నెల, లాగిన్ పద్ధతి మార్చి అందరికీ కొత్త ఐడీలు ఇచ్చిన నెల, ఇవన్నీ ఇలాంటి దొంగ కోహార్ట్‌ను పుట్టిస్తాయి.

దీని ప్రభావం ఎంతో సగటులో చూడవచ్చు. మొదటి నాలుగు బ్యాచ్‌లనూ కలిపితే 2,134 మందిలో 555 మంది మరుసటి నెల వచ్చారు, అంటే 26 శాతం. డిసెంబరును పక్కన పెడితే 1,249 మందిలో 231 మంది, అంటే 18.5 శాతం. ఒక్క వరుస ఉండటం, లేకపోవడం మీద ఏడున్నర శాతం తేడా. మందు ఒక్కటే, డేటా మొదట్లోని కొన్ని నెలలను బ్యాచ్‌లుగా చూపకుండా, పాతవాళ్లను గుర్తించడానికి మాత్రమే వాడుకోవాలి. ఎన్ని నెలలు అన్నది జనం ఎంత తరచుగా కొంటారన్న దాన్ని బట్టి ఉంటుంది. నికరమైన సైన్అప్ తేదీ ఉంటే ఈ బాధ చాలావరకు ఉండదు. అందుకే సైన్అప్ పట్టిక ఉన్నచోట మొదటి ఈవెంట్ నుంచి కోహార్ట్ కట్టడం చేజేతులా తెచ్చుకునే చిక్కు.

ఇక రెండో అంచు, చివరి ఏటవాలు వరుస. పై పట్టికలో సెప్టెంబరు నుంచి కిందికి ఉన్న బ్యాచ్‌ల ఆఖరి గడులు చూడండి. సెప్టెంబరు బ్యాచ్ రెండో నెలలో 90 మంది, మూడో నెలలో 34 మంది. అక్టోబరు బ్యాచ్ 86 నుంచి 41కి పడింది. నవంబరు బ్యాచ్‌లో ఒకటో నెలకే 36 మంది, అంటే 11.1 శాతం. దాని పైన ఉన్న అక్టోబరు బ్యాచ్‌కు అదే ఒకటో నెలలో 24.0. సగానికి సగం పడిపోయిందని గాభరా పడనక్కర్లేదు. ఈ ఆఖరి గడులన్నీ 2011 డిసెంబరువి, డేటాలో ఆ డిసెంబరుకు ఉన్నవి తొమ్మిది రోజులే. నడుస్తున్న నెలను పూర్తయిన నెలతో పోల్చడం అందరికీ తెలిసిన తప్పే, అయినా రోజూ దానంతటది కొత్త లెక్కలు నింపుకునే డ్యాష్‌బోర్డుల్లో ఇది నెలకోసారి జరుగుతూనే ఉంటుంది. పూర్తికాని ఏటవాలు వరుసను చూపకపోవడమే నయం. చూపక తప్పదంటే వేరే రంగులో చూపాలి, సగటులో మాత్రం కలపకూడదు.

ఇక్కడే ఖాళీ గడికీ సున్నా గడికీ ఉన్న తేడా కూడా వస్తుంది. పై క్వెరీ ఎవరూ రాని నెలకు సున్నా ఇవ్వదు, ఆ వరుసే ఇవ్వదు. ఇంకా రాని నెలకూ ఇవ్వదు. పైవట్ చేసేటప్పుడు ఖాళీలన్నిటినీ సున్నాతో నింపేస్తే జరగని నెలల్లో కూడా అందరూ వెళ్లిపోయినట్టు అవుతుంది. అన్నిటినీ ఖాళీగా వదిలేస్తే నిజంగా ఎవరూ రాని నెల సగటులోంచి జారుకుంటుంది. గడిచిన నెలలకు సున్నా, రాబోయే నెలలకు ఖాళీ అని విడిగా చెప్పాలి.

మూడో చిక్కు హారంలో ఉంది. ఈ దుకాణం డేటాలో కొన్నవాడే కస్టమర్ కాబట్టి సున్నా నెల ఎప్పుడూ నూరు శాతమే. యాప్‌లో అలా కాదు. ఒక నెలలో వెయ్యి మంది ఓటీపీ కొట్టి ఖాతా తెరిచారనుకుందాం. అందులో 400 మంది ఆ తర్వాత ఏమీ చేయలేదు. మరుసటి నెల 150 మంది వచ్చారు. సైన్అప్ పట్టిక నుంచి మొదలుపెట్టి లెక్కిస్తే 15 శాతం. ఈవెంట్ల పట్టిక నుంచి మొదలుపెడితే ఆ 400 మంది అసలు కనబడరు, 600లో 150 అని 25 శాతం వస్తుంది. ఏదీ తప్పు లెక్క కాదు, కానీ ఒక టీమ్ ఒకటీ మరో టీమ్ మరొకటీ చెబుతుంటే ఇద్దరూ వేర్వేరు కంపెనీల్లో పనిచేస్తున్నట్టు ఉంటుంది. సైన్అప్ తర్వాత జనం ఎక్కడ ఆగిపోతున్నారో తెలియాలంటే మొదటి పద్ధతి. వాడటం మొదలుపెట్టినవాళ్లు నిలుస్తున్నారా అని తెలియాలంటే రెండోది. లవంలో కూడా ఇదే పేచీ ఉంది. నోటిఫికేషన్ మీద వేలు తగిలి యాప్ తెరుచుకున్నా ‘వచ్చినట్టే’ లెక్కిస్తే రిటెన్షన్ ఎంతైనా చూపించవచ్చు. డబ్బు పంపే యాప్‌కు డబ్బు పంపడం, పాఠాల యాప్‌కు పాఠం వినడం, ఇలా ఏ పని కోసం యాప్ ఉందో ఆ పనినే తిరిగి రావడంగా తీసుకోవాలి.

నెల అంటే ఏమిటన్నది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది, కాదు. క్యాలెండర్ నెల ప్రకారం, జనవరి 31 రాత్రి చేరి ఫిబ్రవరి 1 పొద్దున యాప్ తెరిచినవాడు కూడా ‘ఒకటో నెలలో తిరిగి వచ్చినవాడే’. జనవరి 1న చేరినవాడు అదే పేరు తెచ్చుకోవాలంటే నెలపాటు నిలవాలి. అందువల్ల నెలాఖరులో ఆఫరు పెట్టిన బ్యాచ్‌కు ఒకటో నెల రిటెన్షన్ ఊరికే పెరుగుతుంది. ఒక్కొక్కరి చేరిన తేదీ నుంచి ముప్పై రోజుల కిటికీలు లెక్కించడం దీనికి మార్గం. దానికి కట్టాల్సిన మూల్యం ఆలస్యం. జనవరి 31న చేరినవాడికి ఒకటో కిటికీ 30వ రోజు నుంచి 59వ రోజు దాకా, అంటే మార్చి 31తో ముగుస్తుంది. జనవరి బ్యాచ్ ఒకటో గడి అప్పటిదాకా పూర్తి కాదు. సాధనాలు కూడా ఈ విషయంలో ఒకే మాట మీద లేవు. జనవరి 31కీ ఫిబ్రవరి 1కీ మధ్య ఎన్ని నెలలని బిగ్‌క్వెరీ `DATE_DIFF`ను అడిగితే ఒకటి అంటుంది, మైఎస్‌క్యూఎల్ `TIMESTAMPDIFF`ను అడిగితే సున్నా అంటుంది. ఒక డేటాబేస్ నుంచి ఇంకోదానికి క్వెరీని ఎత్తి పెట్టినప్పుడు రిటెన్షన్ మారిపోయిందంటే ముందు చూడాల్సింది ఇక్కడ.

మన దేశంలోని యాప్‌లకు దీనితో పాటు అయిదున్నర గంటల గొడవ ఒకటుంది. సర్వర్లు సమయాన్ని యూటీసీలో దాచుకోవడం మామూలే. మనకు ఒకటో తారీఖు అర్ధరాత్రి నుంచి తెల్లవారుజామున అయిదున్నర దాకా జరిగినవన్నీ అందులో కిందటి నెల ఆఖరి రోజు కింద నమోదవుతాయి. రెండు పట్టికలూ యూటీసీలో ఉంటే తేడా కొంచెమే. సైన్అప్ తేదీ మన సమయంలో, ఈవెంట్లు యూటీసీలో ఉంటే మాత్రం ఒకటో తారీఖు అర్ధరాత్రి దాటాక చేరినవాళ్లు చేరకముందే యాప్ వాడినట్టు వస్తుంది. ఫలితంలో `n` విలువ -1గా ఉన్న వరుసలు కనబడితే కారణం ఎక్కువసార్లు ఇదే. వాటిని `where n >= 0` అని కప్పెట్టేయడం చాలామంది చేసే పని. లక్షణం పోతుంది, రోగం ఉండిపోతుంది.

తయారుగా దొరికే సాధనాల్లో పేర్ల గందరగోళం ఇంకొకటి. ఒకావిడ జనవరిలో చేరి, ఫిబ్రవరిలో రాకుండా, మార్చిలో వచ్చిందనుకోండి. గూగుల్ ఎనలిటిక్స్ 4 కోహార్ట్ నివేదికలో ‘స్టాండర్డ్’ లెక్క ప్రకారం ఆమె ఫిబ్రవరి గడిలో లేదు, మార్చి గడిలో ఉంది. అక్కడే ‘రోలింగ్’ ఎంచుకుంటే మధ్యలో ఒక్క నెల మానినా ఇక లెక్కలో ఉండదు కాబట్టి రెండు గడుల్లోనూ లేదు. ఇతరచోట్ల చాలామంది రోలింగ్ రిటెన్షన్ అనేది, ఆ నెలలో గానీ ఆ తర్వాత ఎప్పుడైనా గానీ వచ్చినవాళ్ల లెక్కను. దాని ప్రకారం ఆమె రెండు గడుల్లోనూ ఉంది. ఒకే పేరుకు పూర్తిగా ఎదురెదురు అర్థాలు. ఈ చివరి రకంలో ఇంకో ఇబ్బంది, ఎప్పుడో మానేసినవాళ్లు తిరిగి వస్తే పాత గడులు కూడా పెరుగుతాయి. పోయిన నెల నివేదికలో ఇచ్చిన అంకె ఈ నెల మారిపోతుంది. చివరి నిలువు వరుసకు ‘ఆ తర్వాత’ అంటూ ఏమీ ఉండదు కాబట్టి కొస ఎప్పుడూ ఉన్నదానికంటే తక్కువ చూపుతుంది. పేచీ లేకుండా అందరికీ అర్థమయ్యేది స్టాండర్డ్ లెక్కే. మొదట అది వేసి, మిగతావి అవసరమైతే వేసుకోవడం మంచిదని నా పక్షం.

స్టాండర్డ్ లెక్కలో అంకెలు ఒక నెల తగ్గి మరో నెల పెరగవచ్చు. డిసెంబరు బ్యాచ్ 324, 286, 340 అని సాగడం తప్పు కాదు. చందా కట్టే సేవలో మనిషి రద్దు చేసుకుంటే ఆ రోజు నమోదవుతుంది. దుకాణంలో ఎవరూ ఇక రానని చెప్పి వెళ్లరు. పైగా ఈ దుకాణం కస్టమర్లలో చాలామంది టోకు వ్యాపారులు, సరుకు అయిపోయినప్పుడే వస్తారు. రెండు నెలలకోసారి కొనే నమ్మకమైన కస్టమర్ ఈ పట్టికలో సగం గడుల్లో వెళ్లిపోయినవాడిగా ఉంటాడు. కొనే వరస నెల కంటే పెద్దదైతే నిలువు వరుసను మూడు నెలలకు మార్చడం తప్ప దారి లేదు.

లెక్సిస్ వారసులు ఎక్కువగా తలపట్టుకున్నది మాత్రం ఏటవాలు చదువు దగ్గర. అడ్డంగా చదివితే ఒక బ్యాచ్ వయసు, నిలువుగా చదివితే బ్యాచ్‌ల మధ్య తేడా, ఏటవాలుగా చదివితే ఒకే క్యాలెండర్ నెల. పూర్తి పట్టికలో 2011 నవంబరు ఏటవాలు వరుస తీసుకోండి. డిసెంబరు బ్యాచ్‌లో అంతకుముందు నెల 331 మంది కొంటే ఆ నెల 445 మంది కొన్నారు, అంటే 50.3 శాతం. జనవరి బ్యాచ్‌లో 136 నుంచి 152కి, మార్చి బ్యాచ్‌లో 104 నుంచి 126కి పెరిగింది. చేరిన నెలతో పనిలేకుండా దాదాపు అందరూ ఒకేసారి లేచారంటే అది కస్టమర్ల నమ్మకం కాదు, క్రిస్మస్ బహుమతుల సీజను. సెప్టెంబరు బ్యాచ్ రెండో నెలలో 30.1 శాతానికి చేరడం, అక్టోబరు బ్యాచ్ ఒకటో నెలలోనే 24 శాతం ఉండటం ఇందులో భాగమే. అయితే ఏ మేరకు సీజను, ఏ మేరకు మంచి బ్యాచ్ అన్నది ఈ పట్టిక ఒక్కదానితో తేల్చలేం. చేరిన నెలకు వయసు కలిపితే క్యాలెండర్ నెల వచ్చేస్తుంది కాబట్టి మూడింటిలో రెండు తెలిస్తే మూడోది దానంతటదే ఖాయమవుతుంది. మూడింటి ప్రభావాన్నీ విడివిడిగా కొలవడానికి గణితంలోనే చోటు లేదు. రెండో ఏడాది నవంబరు డేటా ఉంటే పోలికకు ఏదో ఆధారం దొరికేది, ఇందులో అది లేదు.

అంచులు తీసేస్తే ఈ దుకాణం గురించి చెప్పగలిగేది ఎంత? ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా చేరిన ఆరు బ్యాచ్‌లలో ఒకటో నెల రిటెన్షన్ 17.4 నుంచి 23.4 శాతం మధ్య ఉంది. అందులో జూన్ బ్యాచ్ 242 మందిలో 42, ఆగస్టు బ్యాచ్ 169 మందిలో 35. శాతాల్లో 17.4, 20.7. జూన్ కంటే ఆగస్టు మెరుగని చెప్పాలనిపిస్తుంది. కానీ 169 మంది ఉన్న బ్యాచ్‌లో ఆ శాతం కేవలం యాదృచ్ఛికంగానే అటూ ఇటూ ఆరు శాతం దాకా ఊగగలదు. కాబట్టి ఆ మూడు శాతం తేడాకు కారణం వెతకడం దండగ. గడిలో శాతం పక్కన బ్యాచ్‌లో ఎందరున్నారో కూడా వేస్తే చూసేవాళ్లకు ఈ సంగతి అక్కడే తెలుస్తుంది. ఎందుకో గానీ చాలా డ్యాష్‌బోర్డులు రంగులు పులిమి ఆ సంఖ్యను దాచేస్తాయి.